ఫోన్ అన్‌బాక్సింగ్ రీల్ కోసం AI వీడియో ప్రాంప్ట్: పైనుంచి కెమెరా, రెండు చేతులు, మారని వెలుగు

నిలువు వీడియో, 9:16, సెకనుకు 25 ఫ్రేములు. ఒక్కొక్కటి 8 సెకన్ల చొప్పున మూడు క్లిప్పులు. మూడింటికీ బల్ల, వెలుగు, చేతులు ఒకటే. నిజమైన వీడియోలా ఉండాలి, యానిమేషన్ ఛాయ ఎక్కడా కనిపించకూడదు.

కెమెరా బల్లకు నేరుగా పైన, 90 డిగ్రీల కోణంలో స్టాండుకు బిగించి ఉంది. జూమ్ లేదు, పక్కకు జరగడం లేదు, ఊగడం లేదు. పెట్టె అంచులు ఫ్రేము అంచులకు సమాంతరంగా ఉండాలి, కాస్త వంకరగా ఉన్నా పైనుంచి చూసే షాట్‌లో వెంటనే తెలిసిపోతుంది. ఫోకస్ మొదటి నుంచి చివరి వరకు స్పష్టంగా ఉండాలి. బ్యాక్‌గ్రౌండ్ మసకబార్చవద్దు.

లేత రంగు టేకు బల్ల, దాని మీద మడతల్లేని బూడిద రంగు మ్యాట్. మ్యాట్ మీద పెట్టె, అందులోని వస్తువులు తప్ప ఇంకేమీ లేదు. కాఫీ కప్పు, మొక్క, కళ్లజోడు లాంటి అలంకారాలు వద్దు.

వెలుగు ఫ్రేముకు ఎడమవైపు పైనుంచి, తెల్లటి పరదా గుండా వచ్చినట్టు మెత్తగా పడుతోంది. తెలుపు 5000 కెల్విన్ దగ్గర. నీడలు అంచులు మెత్తబడి కుడివైపు కిందికి పడాలి. మూడు క్లిప్పుల్లోనూ నీడ దిశ, కదలని వస్తువుల నీడ పొడవు, వెలుగు స్థాయి మారకూడదు. చేయి అడ్డొచ్చినప్పుడు కూడా మొత్తం ఫ్రేము చీకటవడం, మళ్లీ తేరుకోవడం ఉండకూడదు. మినుకుమినుకులు అసలే వద్దు.

చేతులు ఫ్రేము కింది అంచు నుంచి వస్తాయి, చూసేవాళ్లే పెట్టె విప్పుతున్నట్టు. ముప్పై ఏళ్ల తెలుగు మహిళ చేతులు: చామనఛాయ, పొట్టిగా కత్తిరించిన గోళ్లు, గోళ్ల కొసల్లో మాత్రమే మిగిలిన పాత గోరింటాకు ఎరుపు. చర్మం మీద ఎరుపు పోయి నెలలైనట్టుండాలి. ఈ గుర్తు మూడు క్లిప్పుల్లోనూ అలాగే ఉండాలి. ఉంగరాలు, గాజులు, వాచీ లేవు, వాటి తళుకు కంటిని ఫోన్ మీద నుంచి లాగేస్తుంది. మణికట్టు దాకా ముదురు నీలం కాటన్ స్లీవులు. ఒక్కో చేతికి ఐదే వేళ్లు, కణుపుల దగ్గర సహజమైన ముడతలు. వస్తువును పట్టుకున్నప్పుడు వేలి కొన నొక్కుకుని కొంచెం పాలిపోవాలి. పట్టులో బరువు తెలియాలి.

మొదటి క్లిప్పు. 18 సెంటీమీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల వెడల్పున్న తెల్ల పెట్టె, ఫ్రేము మధ్యకు కాస్త పైన. పైన పేరు, లోగో లేవు. కింది అంచున గుండ్రటి పారదర్శక సీలు. కుడిచేతి బొటనవేలి గోరు సీలు కిందికి వెళ్లి దాన్ని ఊడదీస్తుంది. తర్వాత రెండు చేతులూ మూతను పక్కల నుంచి పట్టుకుని ఎత్తుతాయి. ఇక్కడ తొందర వద్దు. మూత గట్టిగా పట్టి ఉంటుంది, లోపలికి గాలి మెల్లగా చేరుతున్న కొద్దీ అడుగు పెట్టె తన బరువుకు తనే కిందికి జారుతుంది. మూత కెమెరాకు దగ్గరవుతున్న కొద్దీ కొంచెం పెద్దదిగా కనిపించాలి, దాని నీడ ఇంకా మెత్తబడి దూరం జరగాలి. దీనికి కనీసం 3 సెకన్లు. చివర్లో మూత ఎడమవైపు ఫ్రేము బయటికి వెళ్తుంది, ఫోన్ కనిపిస్తుంది.

రెండో క్లిప్పు. ముదురు ఆకుపచ్చ మ్యాట్ ఫినిష్ ఫోన్, 6.7 అంగుళాల స్క్రీన్, వెనుక పై మూలలో చదరపు గడిలో మూడు కెమెరాలు. పెట్టె ఉన్నచోటే ఉంటుంది, చేతులు ఫోన్‌ను తీసి ఫ్రేము కింది సగంలోకి తెస్తాయి. ఒకసారి నెమ్మదిగా తిప్పి వెనుక భాగం చూపిస్తాయి, మళ్లీ ముందు వైపుకు తెస్తాయి. ఎడమచెయ్యి ఫోన్‌ను పట్టుకుంటే, కుడిచేతి రెండు వేళ్లు స్క్రీన్ మీది రక్షణ పొరను కింది మూల నుంచి ఒకే ఊపులో లాగేస్తాయి. పొర వంగి, దాని వంపు వెంట సన్నటి వెలుగు గీత కదలాలి. పొర పోయిన చోట గాజు నలుపు ఇంకా లోతుగా కనిపించాలి. రీల్‌కు ప్రాణం ఈ క్షణమే. స్క్రీన్‌లో కెమెరా ప్రతిబింబం, సీలింగ్ లైటు కనిపించకూడదు. స్క్రీన్ ఆఫ్‌లోనే ఉండాలి. వెలిగిస్తే అక్షరాలు వస్తాయి, తెలుగు ఒత్తులు చెదిరిపోతాయి. అక్షరాలన్నీ తర్వాత ఎడిటింగ్‌లో మేమే వేస్తాం.

మూడో క్లిప్పు. పెట్టె లేదు. మ్యాట్ మధ్యలో ఫోన్. చేతులు ఒక్కొక్కటిగా తెచ్చి దాని కుడివైపు వరుసగా పెడతాయి: తెల్ల ఛార్జర్, చుట్టి కట్టిన టైప్-సి కేబుల్, పారదర్శక బ్యాక్ కవర్, సిమ్ పిన్. కేబుల్ ఒక చివర కొంచెం వంకరగా పడితే, చూపుడు వేలు దాన్ని సరిచేయాలి. చేతులు వచ్చిన దారినే కిందికి వెళ్లిపోతాయి, వస్తువులు చివరి సెకను దాకా కదలవు.

ధ్వని: సీలు ఊడే చిరు చప్పుడు, మూత జారేటప్పుడు గాలి, పొర లాగిన శబ్దం, మ్యాట్ మీద వస్తువు తాకిన చప్పుడు. సంగీతం, మాటలు వద్దు.

ఉండకూడనివి: ముఖం, రెండు చేతులకు మించి చేతులు, వస్తువులోకి కలిసిపోయే వేళ్లు, దానంతటదే తెరుచుకునే పెట్టె, క్లిప్పుకూ క్లిప్పుకూ మారే ఫోన్ రంగు లేదా కెమెరాల సంఖ్య, ఏ భాషలోనైనా అక్షరాలు, నిజమైన కంపెనీ గుర్తులు, మెరుపు ఎఫెక్టులు, స్లో మోషన్.