పద్నాలుగో పెళ్లిరోజున శ్రీవారికి

శ్రీవారికి,

రేపటితో మన పెళ్లయి 14 ఏళ్లు నిండుతాయి. ఏటా ఈ రోజున ఒక కార్డు మీద రెండు వాక్యాలు రాసి మీ బల్ల మీద పెట్టడం నాకు అలవాటే. ఈసారీ అలాగే మొదలుపెట్టాను గానీ, "ఎంతో ఆనందంగా గడిచిన మరో సంవత్సరం" అని రాయడానికి చెయ్యి రాలేదు. గడిచింది అలాంటి సంవత్సరం కాదని మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఇద్దరికీ తెలిసినదాన్ని పక్కకు నెట్టి శుభాకాంక్షలు చెప్పుకోవడం కన్నా, జరిగింది జరిగినట్టు రాసి, ఇంత జరిగాక కూడా రాబోయే ఏళ్లు మీతోనే గడపాలని ఎందుకు కోరుకుంటున్నానో చెప్పడం మేలనిపించింది. అందుకే చీటీ కాస్తా ఉత్తరమైంది. తీరిక చూసుకుని చదవండి.

అత్తయ్యకు పక్షవాతం వచ్చిన ఉదయం గురించి మనం ఇంతవరకు నిదానంగా మాట్లాడుకోనే లేదు. ఆవిడ మూతి ఒక పక్కకు జారడం, కుడిచెయ్యి ఎత్తమంటే సగంలోనే వాలిపోవడం చూసిన వెంటనే మీరు గడియారం వంక చూసి సమయం గుర్తుపెట్టుకున్నారు. కాసేపు పడుకుంటే సర్దుకుంటుందేమోనని ఇంట్లో వాళ్లు అంటున్నా వినిపించుకోకుండా, తలకు స్కానింగ్ తీయగల ఆసుపత్రికి నేరుగా తీసుకువెళ్లారు. మెదడు రక్తనాళంలో అడ్డుపడిన గడ్డను కరిగించే ఇంజెక్షన్‌ను లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటలలోపే ఇవ్వాలని, మనం ఆ గడువు దాటకుండా చేరుకోగలిగామని డాక్టరు చెప్పినప్పుడు మీరు మందుల కోసం కిందికి వెళ్లి ఉన్నారు. ఆ మాట మీదాకా వచ్చిందో లేదో నాకు తెలియదు కనుక ఇప్పుడు రాస్తున్నాను: అత్తయ్య ఈ రోజు తనకేం కావాలో తన నోటితో తాను చెప్పగలుగుతున్నారంటే, అందులో ఆ ఉదయం మీరు పడ్డ తొందరకు పెద్ద వాటాయే ఉంది.

అసలు పని ఆవిడను ఇంటికి తెచ్చుకున్న తరువాతే మొదలైంది. ఒళ్లు పుండ్లు పడకుండా రెండు గంటలకొకసారి పక్కకు తిప్పడం, మింగేటప్పుడు పొరబోకుండా నిటారుగా కూర్చోబెట్టి గడ్డం కిందికి వంచమనడం, పట్టు తప్పిన చేతిని పట్టుకుని లేపితే భుజం కీలు దెబ్బతింటుంది కాబట్టి నడుము దగ్గర పట్టు వేసి లేపడం, ఇవన్నీ మనకు ఎవరూ ముందుగా నేర్పినవి కావు. ఫిజియోథెరపిస్టు ఒకసారి చూపించి వెళ్లిపోతే, మిగతాదంతా మనమిద్దరం ఒకరి చేతులను మరొకరు చూస్తూ నేర్చుకున్నాం. పగలు నేను, రాత్రి మీరు అని పంచుకున్నాక మనకు మాటల అవసరమే లేకుండా పోయింది. అత్తయ్య మంచం పక్కనున్న రూళ్ల పుస్తకంలో ఏ మందు ఎప్పుడు వేశామో, ఏ పక్కకు తిప్పామో, రక్తపోటు ఎంతుందో రాసిపెట్టుకోవడమే మన సంభాషణ అయింది.

ఆ పుస్తకాన్ని మొన్న మొదటి నుంచి తిరగేశాను. మీ రాత తొలివారాల్లో తిన్నగా, గీత మీద ఉంది. పోను పోను కిందికి జారుతూ, కొన్నిచోట్ల అక్షరం అక్షరంలోకి దిగిపోయింది. ఒక పేజీలో తెల్లవారుజామున నేను లేవవలసిన వేళకు ఎదురుగా "ఇది నేనే చూసుకున్నాను, నువ్వు పడుకో" అని ఉంది. నాకు జ్వరంగా ఉన్న రోజులవి. ఆ పొద్దున నేను ఆ గడి చూసి, దాని కింద మాత్రల పేర్లు రాసుకుంటూ పోయాను తప్ప, అందులో నన్ను ఉద్దేశించిన వాక్యం ఒకటుందని అప్పుడు మనసుకు ఎక్కలేదు. అలసట మనిషిని ఎంత మొద్దుబారుస్తుందో ఆ పేజీ చూస్తే తెలుస్తుంది. ఇన్ని నెలల్లో మీరు నాకు రాసిన ఒకే ఒక్క ప్రేమలేఖ అదేనని ఇప్పుడు నా లెక్క; మీరు నవ్వినా సరే, ఆ పేజీని దాచుకున్నాను.

ఇక రాయడానికి కష్టంగా ఉన్న సంగతి. మీ ఉద్యోగం పోయిందని నాకు మీరు చెప్పగా తెలియలేదు. నెల మొదట్లో జీతం జమైనట్టు రావలసిన మెసేజ్ ఎంతకూ రాకపోతే అడిగాను, అప్పుడు తెలిసింది. అప్పటిదాకా మీరు రోజూ అదే వేళకు బ్యాగు భుజాన వేసుకుని బయలుదేరుతూనే ఉన్నారు, సాయంత్రం అదే వేళకు తిరిగి వస్తూనే ఉన్నారు. అప్పటికే నా నెత్తిన ఇంత బరువుండగా ఇంకొకటి ఎందుకు పెట్టాలని దాచానని మీరు అన్నారు. మీ ఉద్దేశం నాకు అర్థమైంది, కోపం మాత్రం తగ్గలేదు. ఆ రాత్రి నేను అన్న మాటల్లో గొంతు పెద్దదై ఉండవచ్చు గానీ, వాటిలోని విషయాన్ని ఈ రోజుకీ వెనక్కి తీసుకోను. ఉద్యోగం పోవడం మీ చేతుల్లో లేని పని, అందుకు మిమ్మల్ని నేనెన్నడూ తప్పుపట్టలేదు. నన్ను బాధపెట్టింది వేరు: మీ భయంతో మీరు ఒంటరిగా ఊరంతా తిరిగారు, ఆ భయానికి నా దగ్గర చోటు లేదని అనుకున్నారు.

ఆ తరువాతి నెలలు ఎలా నడిచాయో గుర్తు చేసుకుంటే, గొడవపడిన రోజుల కన్నా గొడవ కూడా లేని రోజులే నన్ను ఎక్కువ భయపెడుతున్నాయి. మీరు ఆ గదిలో, నేను ఈ గదిలో, మధ్యలో అమ్మాయి. "ఫిజియో వేళ మారిందట, నాన్నకు చెప్పు", "కరెంటు బిల్లు కట్టామో లేదో అమ్మను అడుగు" అంటూ పదకొండేళ్ల పిల్లను మనం వార్తాహరురాలిని చేశాం. అది మన మాటల్లోని విసురును తీసేసి, మెత్తబరిచి అందించడం మొదలుపెట్టింది. ఒకరోజు నేను చెప్పిపంపిన మాట మీ దగ్గరకు ఎలా చేరిందో తలుపు వెనక నుంచి విన్నాను. నేను అనని "పాపం, నాన్న అలసిపోయి ఉంటారు" అన్న మాట కూడా అందులో ఉంది. మనం చెప్పుకోవలసిన మాటను ఆ పిల్ల తానే కల్పించి చెప్పవలసి వచ్చింది.

డబ్బు ఇబ్బందుల గురించి ఇక్కడ పెద్దగా రాయను. వాటి గురించి ఇద్దరం ఇప్పటికే చాలినంత లెక్కలు వేసుకున్నాం. అయితే వాటితో ముడిపడిన ఒక సాయంత్రం మాత్రం మరిచిపోలేను. మీరు ఉన్నట్టుండి కాగితాలన్నీ తెచ్చి నా ముందు పరిచారు: ఇంటి అప్పులో మిగిలింది, కార్డు మీద పెరిగింది, నాకు తెలియకుండా స్నేహితుడి దగ్గర తీసుకున్నది, అన్నీ. నిజానికి ఆ ఏడాదంతటిలోనూ నేను విన్న గడ్డు వార్త అదే, మొత్తం నేను అనుకున్నదాని కన్నా చాలా ఎక్కువే ఉంది. అయినా ఆ రాత్రి నాకు ఒళ్లెరగని నిద్ర పట్టింది. వాయిదా తగ్గించి గడువు పెంచితే మొత్తం మీద వడ్డీ ఎక్కువ పడుతుందని తెలిసి కూడా బ్యాంకుకు ఇద్దరం కలిసి వెళ్లి ఆ దరఖాస్తు ఇచ్చిన రోజున, కౌంటరు ముందు కుర్చీల్లో పక్కపక్కన కూర్చుని ఉండగా, చాలాకాలం తరువాత మనం ఒకే వైపు చూస్తున్నామని అనిపించింది. ఎవరికైనా చెబితే నవ్వుతారు, బ్యాంకులో భర్త మీద ప్రేమ పుట్టుకొచ్చిందా అని. పుట్టుకొచ్చింది మరి.

ఇప్పుడు అంతా చక్కబడిందని నేను అనడం లేదు. కొత్త ఉద్యోగంలో జీతం తక్కువ, అదీ ప్రొబేషన్ పూర్తయితే గాని ఖాయం కాదు. అత్తయ్య చేతికర్రతో వరండా దాకా నడవగలుగుతున్నారు గానీ, మొదటి నెలల్లో కనిపించినంత వేగంగా ఇకపై మార్పు కనిపించకపోవచ్చని డాక్టరు ముందే చెప్పారు. కుడిచేతి వేళ్లు పూర్తిగా స్వాధీనంలోకి రాకపోవచ్చు కూడా. నాకు మీ మీద కోపం పూర్తిగా పోయిందా అంటే, పోలేదు. కొన్ని రోజులు మీరు బ్యాగు భుజాన వేసుకోగానే ఎక్కడికి వెళుతున్నారోనన్న అనుమానం ఒక్క క్షణం మెదులుతుంది. అది తగ్గడానికి కొంతకాలం పడుతుంది, ఆ కాలాన్ని నాకు ఇవ్వండి. మీలోనూ నా మీద చెప్పని మాటలు ఉండే ఉంటాయి; వాటిని వినడానికి సిద్ధంగా ఉన్నాను, అవి తియ్యగా ఉండనక్కర లేదు.

అయినా నాకు ధైర్యం ఉంది, దానికి ఆధారాలు కూడా ఉన్నాయి. కొత్త ఉద్యోగంలో చేరిన వారంలోనే మీ మేనేజరు ఏదో అన్నారని, మనసు చివుక్కుమందని, ఇంటికి వచ్చి చెప్పులు విప్పక ముందే నాకు చెప్పారు. చిన్న సంగతే, మీకు గుర్తుండకపోవచ్చు కూడా. నాకు మాత్రం అది జీతం పడిన మెసేజ్ కన్నా పెద్ద శుభవార్త. అలాగే పోయిన నెలలో అత్తయ్య చొక్కా గుండీ ఒంటిచేత్తో పెట్టుకుంటుంటే, సాయం చేయబోయిన నన్ను మీరు కనుసైగతో ఆపారు. ఆ గుండీ పడేదాకా ఇద్దరం ఊపిరి బిగబట్టి చూశాం, పడ్డాక ఒకరినొకరం చూసుకుని నవ్వుకున్నాం. ఆ నవ్వు పెళ్లైన కొత్తలో నేను చూసిన నవ్వే, ఏమీ మారలేదు.

అందుకని ఈ పెళ్లిరోజుకు కానుకగా రెండు కోరుకుంటున్నాను. చెడ్డ వార్త ఏదైనా ఉంటే, అది ఎంత పెద్దదైనా, ఆ రోజు రాత్రి పడుకునేలోపు నాకు చెప్పండి. నేనూ అలాగే చెబుతాను, విన్న వెంటనే తీర్పు చెప్పకుండా ఉండడానికి ప్రయత్నిస్తాను. రెండోది, అమ్మాయి చేత ఇక కబుర్లు పంపుకోవద్దు. ఎంత కోపంలో ఉన్నా, ఆ గది నుంచి ఈ గదికి మీరే వచ్చి చెప్పండి, లేదా నేను వస్తాను.

రాబోయే సంవత్సరం సుఖంగా ఉంటుందని మాట ఇవ్వడం ఎవరి చేతుల్లోనూ లేదు. కష్టం వచ్చినా ఈసారి మీ పక్కనే కూర్చుని దాన్ని చూస్తానని మాత్రం నేను మాట ఇవ్వగలను. పద్నాలుగేళ్ల కిందట మిమ్మల్ని చేసుకున్నప్పుడు మీ గురించి నాకు తెలిసింది చాలా తక్కువ. ఇప్పుడు మీ భయం, మీ మొండితనం, రాత్రిళ్లు నిద్ర కాచిన మీ కళ్లు అన్నీ తెలుసు. తెలిసీ మళ్లీ మిమ్మల్నే కోరుకుంటున్నాను.

రేపు సాయంత్రం మీ చెల్లెలు వచ్చి అత్తయ్య దగ్గర ఉంటానంది, మందుల వేళలన్నీ రాసిచ్చాను. చీకటి పడేదాకా ఎక్కడికైనా అలా నడిచి వద్దాం. ఫోన్లు ఇంట్లోనే పెట్టి వెళదాం, అప్పుల మాట ఎత్తవద్దు. ఆరింటికల్లా ఆఫీసు నుంచి రాగలరా?

మీ
రమ