పేరు మార్పు, యాజమాన్య మార్పు: మా పది పాలసీల మీదా ఎండార్స్‌మెంట్ కోరుతూ

తణుకు,
27 నవంబర్ 2025

బ్రాంచ్ మేనేజర్ గారికి,
జనరల్ ఇన్సూరెన్స్ విభాగం, తణుకు బ్రాంచి.

విషయం: శ్రీ గోస్తనీ రా అండ్ బాయిల్డ్ రైస్ మిల్ (భాగస్వామ్య సంస్థ) ఇకపై గోస్తనీ ధాన్య ఫుడ్స్ ప్రైవేట్ లిమిటెడ్. అమల్లో ఉన్న అన్ని పాలసీల్లో ఇన్సూర్డ్ పేరు మార్చమని విన్నపం.

అయ్యా,

మేం ముగ్గురు అన్నదమ్ములం భాగస్వాములుగా నడిపిన మా మిల్లును కంపెనీల చట్టం 2013, సెక్షన్ 366 కింద ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీగా రిజిస్టర్ చేయించాం. సర్టిఫికెట్ 3 నవంబర్ 2025 తేదీతో వచ్చింది. రిజిస్ట్రేషన్ నాటికి వాటాలు పాత భాగస్వామ్య పత్రంలో ఉన్నట్టే ఉన్నాయి: అన్నయ్యకి 40 శాతం, నాకు 35, తమ్ముడికి 25. తరవాత 24 నవంబర్‌న అన్నయ్య తన వాటాలో 30 శాతం కూతురికి గిఫ్ట్‌గా రాసిచ్చి, 10 మాత్రం తన దగ్గర ఉంచుకున్నారు. ఆరోగ్యం దృష్ట్యా డైరెక్టర్‌గా కూడా తప్పుకున్నారు. ఇప్పుడు డైరెక్టర్లు నేను, తమ్ముడు, మా అన్నయ్య కూతురు. బయటివాళ్లెవరూ లేరు.

మిల్లు అదే, గోడౌన్లు అవే, బాయిలర్ అదే, సరుకూ అదే. రిస్క్‌లో ఏ మార్పూ లేదు. అయినా ఇది బోర్డు మీద పేరు మార్చుకున్నంత తేలిక కాదని మాకు తెలుసు. పాన్ మారింది, జీఎస్టీ నంబర్ మారింది, చట్టం దృష్టిలో ఆస్తి యజమానే మారాడు. సెక్షన్ 368 ప్రకారం భాగస్వామ్య సంస్థ ఆస్తులన్నీ రిజిస్ట్రేషన్‌తోనే కంపెనీకి సంక్రమించాయి. పాలసీలు మాత్రం ఇంకా పాత పేరు మీదే ఉన్నాయి. రేపు ఏదైనా జరిగితే, ఆస్తి ఒకరిది, పాలసీ ఇంకొకరిది అనే మాట రాకూడదని ఈ ఉత్తరం.

మా అనుభవం ఒకటి చెబుతాను. కొన్నేళ్ల కిందట ఒక క్లెయిమ్‌లో పాలసీ మీద 'బాయిల్డ్'లో ఒక అక్షరం ఎగిరిపోయి, బ్యాంకు ఖాతా పేరుతో కలవలేదని చెక్కు వారాల తరబడి ఆగింది. ఒక్క అక్షరానికే అంత తిరిగాం. అందుకే కొత్త పేరు ఇన్‌కార్పొరేషన్ సర్టిఫికెట్‌లో ఎలా ఉందో అలాగే, 'ప్రైవేట్ లిమిటెడ్'ని కుదించకుండా రాయించండి. డ్రాఫ్ట్ ఒకసారి మాకు చూపించాకే ప్రింట్ తీస్తే ఇద్దరికీ పని తగ్గుతుంది.

ఎండార్స్‌మెంట్ కావలసిన పాలసీలు ఇవి.

భారత్ లఘు ఉద్యమ్ సురక్ష, నం. 0417/25: మిల్లు భవనాలు, యంత్రాలు, తణుకు, అత్తిలి గోడౌన్లలోని ధాన్యం, బియ్యం, తవుడు, నూక; బీమా మొత్తం రూ.18.40 కోట్లు. ఇందులో బ్యాంక్ క్లాజ్ ఉంది. అప్పు కంపెనీ పేరుకి మారింది, తాకట్టు యథాతథం. బ్యాంకు ఇచ్చిన అంగీకార లేఖ జతపరిచాం. పేరు మార్చేటప్పుడు బ్యాంక్ క్లాజ్ ఎగిరిపోకుండా చూడండి.

బర్గ్లరీ, నం. 0418/25. మెషినరీ బ్రేక్‌డౌన్, నం. 0419/25. బాయిలర్ అండ్ ప్రెషర్ ప్లాంట్, నం. 0420/25. మనీ ఇన్సూరెన్స్, నం. 0421/25. ఈ నాలుగింటిలో పేరు తప్ప చెప్పుకోవలసిందేమీ లేదు. బాయిలర్ రిజిస్ట్రేషన్ కూడా కంపెనీ పేరుకి మార్చమని సంబంధిత శాఖకి దరఖాస్తు ఇచ్చాం. ఆ కాగితం రాగానే మీకూ పంపుతాం.

మెరైన్ ఓపెన్ పాలసీ, నం. 0422/25: కాకినాడ పోర్టుకి లారీల్లో వెళ్లే ఉప్పుడు బియ్యానికి తీసుకున్నది. ఇక్కడ కొంచెం మెలిక ఉంది. కొత్త జీఎస్టీ నంబర్ 18 నవంబర్‌న వచ్చింది. 3వ తేదీ నుంచి 18 వరకు ఆరు లోడ్లు పాత నంబర్ ఇన్‌వాయిస్‌ల మీదే వెళ్లాయి. సరుకు కంపెనీది, కాగితం పాత సంస్థది. ఆరూ క్షేమంగా చేరాయి, క్లెయిమ్ ఏమీ లేదు. అయినా దాచడం ఇష్టం లేక చెబుతున్నాం. ఆ ఆరు డిక్లరేషన్లను కూడా కంపెనీ తరపునే లెక్కలోకి తీసుకున్నట్టు ఎండార్స్‌మెంట్‌లో ఒక వాక్యం చేర్చండి.

ఎంప్లాయీస్ కాంపెన్సేషన్, నం. 0423/25: 46 మంది, హమాలీలతో కలిపి. ఎవరికైనా దెబ్బ తగిలితే బాధ్యత యజమానిది కాబట్టి, ఆ యజమాని ఇప్పుడు కంపెనీ అని ఇందులో అన్నిటికన్నా ముందు రావాలి. దాళ్వా కోతలప్పుడు మనుషులు పెరిగితే ఎప్పటిలాగే వేరుగా తెలియజేస్తాం.

మోటార్: రెండు లారీలు, ఒక కారు, నం. 0431, 0432, 0433/25. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 157లో బదిలీ జరిగిన 14 రోజుల్లోపు తెలియజేయాలని ఉంది కాబట్టి, మిగతావాటికన్నా ముందే 12 నవంబర్‌న విడిగా దరఖాస్తు ఇచ్చి మీ కౌంటర్‌లో రసీదు తీసుకున్నాం. ఆర్సీల్లో పేరు మార్చమని రవాణా కార్యాలయంలో కూడా దరఖాస్తు చేశాం. ఇప్పటివరకు ఎండార్స్‌మెంట్ రాలేదు, రోజూ లారీలు రోడ్డెక్కుతున్నాయి. దయచేసి ఈ మూడింటినీ ముందు తేల్చండి. నో క్లెయిమ్ బోనస్ తేడా కట్టాలంటే ఎంతో చెప్పండి, అదే రోజు కడతాం.

అన్నిటికీ అమలు తేదీ ఒకటే ఉండాలి: 3 నవంబర్ 2025. పాత పాలసీ రద్దు చేసి కొత్తది ఇస్తామంటే మాకు సమ్మతం కాదు. మధ్యలో ఒక్క రోజు కూడా కవరేజీ తెగకూడదు. అదనపు ప్రీమియం ఏమైనా పడితే బిల్లు కొత్త జీఎస్టీ నంబర్ మీదే ఇవ్వండి.

ఇక పెండింగ్‌లో ఉన్న క్లెయిమ్ సంగతి. మొంథా తుపాను 28 అక్టోబర్ రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడు అత్తిలి గోడౌన్ పడమటి వైపు రేకులు మూడు లేచిపోయాయి. 412 బస్తాల ధాన్యం తడిసింది. 31న సర్వేయర్ గారు వచ్చేసరికే కింది వరస బస్తాలు వేడెక్కి మొలకెత్తుతున్నాయి, లోపలికి అడుగు పెడితే పులిసిన వాసన. ఆ నష్టం పాత సంస్థ ఉన్న రోజుల్లో జరిగింది, పాత పేరు మీదే ఇంటిమేషన్ ఇచ్చాం. ఆ సొమ్ము రాబట్టుకునే హక్కు కూడా మిగతా ఆస్తులతో పాటు కంపెనీకే వచ్చింది. కాబట్టి డిశ్చార్జ్ వోచర్ కంపెనీ పేరుతో ఇచ్చి, సొమ్ము కంపెనీ ఖాతాకి జమ చేయండి. అలా కుదరదంటే ఏ పేరుతో ఇస్తారో రాతపూర్వకంగా చెప్పండి. పాత ఖాతా 31 మార్చి 2026 వరకు మూయకుండా ఉంచుతున్నాం.

జతపరిచినవి: ఇన్‌కార్పొరేషన్ సర్టిఫికెట్, మెమొరాండం, ఆర్టికల్స్, కంపెనీ పాన్, జీఎస్టీ రిజిస్ట్రేషన్, పాత భాగస్వామ్య పత్రం, 24 నవంబర్ నాటి వాటాదారుల జాబితా, డైరెక్టర్ల కేవైసీ, నాకు సంతకం అధికారం ఇచ్చిన బోర్డు తీర్మానం, బ్యాంకు లేఖ, 12 నవంబర్ రసీదు నకలు, ఆరు లోడ్ల ఇన్‌వాయిస్‌లు.

ఇంకేం కాగితం కావాలన్నా ఫోన్ చేయండి, మా అకౌంటెంట్ చేతికిచ్చి పంపుతాను. ఏ ఎండార్స్‌మెంట్ తయారైతే అది పంపేయండి, పదీ ఒకేసారి ఇవ్వాలని ఆపవద్దు.

ఇట్లు,
భవదీయుడు,

సూర్యనారాయణ
మేనేజింగ్ డైరెక్టర్
గోస్తనీ ధాన్య ఫుడ్స్ ప్రైవేట్ లిమిటెడ్
(పూర్వపు శ్రీ గోస్తనీ రా అండ్ బాయిల్డ్ రైస్ మిల్), తణుకు

నకలు: మా బ్యాంకు బ్రాంచ్ మేనేజర్ గారికి, క్లెయిమ్ చూస్తున్న సర్వేయర్ గారికి.