అమ్మ నగల గురించి

తమ్ముడూ, చెల్లీ,

ఈ మాట ఫోనులో మొదలుపెట్టిన ప్రతిసారీ ముగ్గురం ఏడ్చి పెట్టేస్తున్నాం. అందుకే రాస్తున్నాను. తొందరేమీ లేదు, నిదానంగా చదవండి.

నిన్న నాన్నను వెంటబెట్టుకుని వెళ్లి నగలన్నీ తూకం వేయించాను, నాణ్యం కూడా చూపించాను. రసీదు, ఫోటోలు మీ ఇద్దరికీ పంపాను. పెద్ద గొలుసు 56 గ్రాములు. గాజులు రెండు జతలు, జత 26 గ్రాములు. రాళ్ల నెక్లెసు పైకి 41 గ్రాములు తూగింది కానీ, రాళ్లూ లక్కా తీసేస్తే అందులో బంగారం 32 గ్రాములే. చిన్న గొలుసు 16. ఇవన్నీ 22 కారట్లే. వీటితో పాటు ఐదేళ్ల క్రితం అమ్మ నాకు ఇచ్చిన 24 గ్రాముల గొలుసును కూడా లెక్కలో వేశాను. అదీ 22 కారట్లే. అప్పుడు అమ్మ "మిగతావాళ్లకు తర్వాత చూస్తాను" అంది. ఆ తర్వాత అనేది రాలేదు కనుక అది నా వాటాలోకే రావాలి. వద్దని వాదించకండి.

అంతా కలిపితే 180 గ్రాములు, తలా 60. తమ్ముడూ, "ఆడపిల్లల నగలు, మీరిద్దరే తీసుకోండి" అన్నావు. అలా అనడం నీ మంచితనం. కానీ అమ్మకు మనం ముగ్గురం పిల్లలం. నీ వాటా నీదే.

అలాగని గొలుసులు తెంపి, కరిగించి సమానం చేయడం నాకు ఇష్టం లేదు. ఎవరి మనసు ఏ వస్తువు మీద ఉందో ముందు అది తీసుకుందాం, బరువు లెక్క తర్వాత చూసుకుందాం. మీ ఇద్దరిలో మొదట ఎవరన్నది చీటీ వేద్దాం. మొదటివారు ఒకటి, రెండోవారు ఒకటి, ఆ తర్వాత నేను. అక్కడి నుంచి వెనక్కి వద్దాం: మళ్లీ నేను, తర్వాత రెండోవారు. ఉన్నవి ఐదే కనుక అంతటితో అయిపోతాయి. ఎవరికి 60 దాటితే వారు తక్కువ వచ్చినవారికి ఆ తేడాను డబ్బుగా ఇవ్వాలి.

మాటవరసకు, చెల్లికి మొదటి చీటీ వచ్చి పెద్ద గొలుసు తీసుకుందనుకోండి, తనకు 4 గ్రాములు తక్కువ. తమ్ముడు నెక్లెసు, ఒక జత గాజులు తీసుకుంటే 58, తనకు 2 తక్కువ. నాకు రెండో జత, చిన్న గొలుసు, ముందే ఉన్న గొలుసు కలిపి 66. ఆ 6 గ్రాముల డబ్బు నేనివ్వాలి. మొదటివారు పెద్ద గొలుసు కాక తేలికైనది ఎంచుకుంటే తేడా ఎక్కువే ఉంటుంది. అయినా ఫరవాలేదు, తూకం చూసి మనసు చంపుకోకండి. డబ్బు ఇవ్వడానికి ఆరు నెలల గడువు పెట్టుకుందాం.

ధర విషయంలో ఒక్క మాట. కొత్త నగ కొనేటప్పటి ధర కట్టకూడదు. మజూరి, తరుగు అమ్మేటప్పుడు తిరిగి రావు. పంచుకునే రోజున పాత బంగారాన్ని ఎంతకు కొంటున్నారో ఆ ధరే ముగ్గురికీ. తర్వాత పెరిగినా తగ్గినా మళ్లీ ఆ మాట ఎత్తవద్దు.

రెండు వస్తువులు ఈ లెక్కలోకి తేలేదు. ఉంగరం నాన్న దగ్గరే ఉండనిద్దాం. నిన్న తూకం అయ్యాక అది తీసి చొక్కా జేబులో వేసుకున్నారు, ఇంటికి వచ్చేదాకా జేబు మీద నుంచి చెయ్యి తీయలేదు. కమ్మలు మరదలికి ఇవ్వాలని నా కోరిక. ఆఖరి ఎనిమిది నెలలు అమ్మకు తల దువ్వింది, రాత్రులు లేచి మందులు వేసింది తనే. నేను వచ్చి వెళ్లేదాన్ని, తను అక్కడే ఉంది. ఆ చాకిరీకి ఇది వెల కాదు, 8 గ్రాములకు అంత రుణం తీరదు కూడా. అమ్మ చెవులకు ఉన్నవి తన చెవులకు ఉంటే చూడాలని ఉంది. చెల్లీ, నీకు సమ్మతమేనా? కాదనిపిస్తే దాచుకోకుండా చెప్పు, నేనేమీ అనుకోను.

ఎవరికైనా ఎప్పుడైనా అవసరం పడి అమ్మాల్సి వస్తే, బయటకు తీసుకెళ్లే ముందు మిగతా ఇద్దరినీ అడగండి. నేనూ అడుగుతాను.

వచ్చే ఆదివారం లోపు మీకు నచ్చనిది ఏదైనా ఉంటే రాయండి, మార్చుకుందాం. సరే అంటే ఆ తర్వాతి ఆదివారం నాన్న ముందే కూర్చుని పంచుకుందాం. అప్పటిదాకా అన్నీ అమ్మ పెట్టెలోనే ఉంటాయి, తాళం నాన్న దగ్గర ఉంది. చిన్న గొలుసు కొక్కెం వదులైందని అమ్మ పెట్టుకున్న పిన్నీసు దానికి అలాగే ఉంది. తూకం వేసేటప్పుడు తీశారు, నేను మళ్లీ పెట్టాను. అది ఎవరికి వచ్చినా ఆ పిన్నీసుతోనే తీసుకోండి.

మీ అక్క