వారాంతపు పరీక్ష: పని, శక్తి, సామర్థ్యం

ఇంటర్ మొదటి సంవత్సరం, భౌతికశాస్త్రం. సమయం 40 నిమిషాలు, మార్కులు 25.

నిన్న క్లాసుకు రానివాళ్ల కోసం పేపర్ ఫొటో పెట్టాను కదా, బొమ్మల దగ్గర నా చేతి నీడ పడింది. మొదటి బొమ్మలో ఎత్తు 24 మీటర్లా అని ముగ్గురు అడిగారు. 2.4 అమ్మా. చుక్క నీడలో కలిసిపోయింది. 24 మీటర్లంటే ఎనిమిదంతస్తుల మేడ, అంత ఎత్తు మీద జారుడు బల్ల ఎవరు కడతారు? అందుకే ప్రశ్నలన్నీ టైప్ చేశాను, ఫొటో పక్కన పెట్టి వీటికే రాయండి. బొమ్మలు మీరే గీసుకోండి. g = 10 m/s² తీసుకోండి.

1. పార్కులో జారుడు బల్ల. పై అంచు A, నేలను తాకే చోటు B. B నుంచి A ఎత్తు 2.4 మీ., వాలు వెంట AB పొడవు 4 మీ. 30 కిలోల పాప A దగ్గర నిశ్చలస్థితి నుంచి జారి, B దగ్గరకు 4 m/s వడితో చేరింది.

అ) B తో పోలిస్తే A దగ్గర పాప స్థితిజ శక్తి ఎంత? (2)

ఆ) బల్లకు ఘర్షణే లేకపోతే B దగ్గర వడి ఎంత ఉండేది? (3)

ఇ) ఘర్షణ వల్ల ఎంత యాంత్రిక శక్తి పోయింది? సగటు ఘర్షణ బలం ఎంత? (4)
ఇక్కడ mgh = ½mv² అని రాసేస్తే మార్కులుండవు. పోయినసారి సగం మంది అదే చేశారు.

ఈ) పాప నిచ్చెన మెట్లెక్కి A చేరడానికి 8 సెకన్లు పట్టింది. గురుత్వానికి వ్యతిరేకంగా ఆమె సగటు సామర్థ్యం ఎంత? (2)

ఉ) ఘర్షణ లేని బల్ల మీద 60 కిలోల అన్నయ్య జారితే B దగ్గర వడి పాపకన్నా ఎక్కువా, తక్కువా, సమానమా? ఒక్క వాక్యంలో కారణం చెప్పండి. (2)

2. O వద్ద కట్టిన 1 మీ. దారానికి 200 గ్రాముల గోళం. దారం బిగువుగా, నిలువు గీతతో 60° కోణంలో ఉండేలా గోళాన్ని P దాకా లాగి వదిలారు. అత్యంత దిగువ స్థానం Q.

అ) Q నుంచి P ఎంత ఎత్తు? P దగ్గర స్థితిజ శక్తి ఎంత? (2)

ఆ) Q దగ్గర వడి, దారంలో తన్యత కనుక్కోండి. (3)

ఇ) P నుంచి Q వరకు తన్యత చేసిన పని ఎంత? ఎందుకు? (2)

ఈ) O కి సరిగ్గా అర మీటరు కింద N వద్ద గోడకు మేకు కొట్టారు. దారం మేకుకు తగిలి వంగితే, గోళం అవతలి వైపు Q నుంచి ఎంత ఎత్తుకు లేస్తుంది? అప్పుడు N నుంచి గోళం వరకు ఉన్న దారం ఏ దిశలో ఉంటుంది? (3)
(గెలీలియో 1638లో అచ్చయిన తన పుస్తకంలో వర్ణించిన మేకు ప్రయోగం లాంటిదే ఇది. లెక్క రెండు లైన్లే, బొమ్మ మాత్రం జాగ్రత్తగా గీయండి.)

ఉ) మేకు తీసేశాక మళ్లీ P నుంచి వదిలారు. కొన్ని ఊగుళ్ల తర్వాత గోళం 0.45 మీ. ఎత్తుకే లేస్తోంది. ఎన్ని జౌళ్లు తగ్గాయి, అవి ఎటు పోయాయి? (2)