మాస్టారి ఇంటర్వ్యూ వీడియో షార్ప్‌నెస్ గురించి

వసంత గారూ, నమస్తే.

ఇంటర్వ్యూ ఫైలు పూర్తిగా చూశాను. బొమ్మ మసకగా ఉంది, షార్ప్ చేసి ఇమ్మన్నారు కదా. రెండు రోజులు రకరకాలుగా ప్రయత్నించాను. మీరు కోరుకుంటున్న స్పష్టత ఈ ఫైలు నుంచి రాదండీ. డబ్బు తీసుకుని ఏదో ఒక ఫిల్టర్ వేసి పంపడం నాకు ఇష్టం లేదు, అందుకే వివరంగా రాస్తున్నాను.

ఫైలు 1920x1080, పేరుకి ఫుల్ హెచ్‌డీయే. కానీ బిట్‌రేట్, అంటే ఒక్కో సెకనుకు వాడిన డేటా, 1.5 మెగాబిట్లే. 40 నిమిషాల వీడియో 450 ఎంబీలో సర్దుకుపోయింది. ఇదే వీడియోని కంప్రెషన్ లేకుండా సెకనుకు 25 ఫ్రేముల చొప్పున ఉంచితే సెకనుకు 620 మెగాబిట్లు దాటుతుంది. అంటే మన చేతికొచ్చింది నాలుగు వందల పాళ్లలో ఒక పాలు. వీడియోని కుదించే కోడెక్ ప్రతి ఫ్రేమునీ చిన్న చిన్న గడులుగా విడగొడుతుంది. బిట్లు చాలకపోతే ముందుగా సన్నటి వివరాలనే వదిలేస్తుంది. అవి ఫైల్లో ఎక్కడో దాక్కుని లేవు, అసలు రాయనే లేదు.

12:40 దగ్గర ఒకసారి ఆపి చూడండి. మాస్టారు తల తిప్పుతుంటారు. కనుబొమ్మల్లో ఒక్క వెంట్రుక కూడా విడిగా కనిపించదు, బూడిద రంగు మరక ఒకటి కదులుతుంది. వెనక గోడ మీద చదరాలు తేలుతుంటాయి. షార్పెన్ ఫిల్టర్ కొత్త వివరాన్ని తేలేదు. అంచు కనబడిన చోటల్లా ఒక పక్క తెల్లగా, ఇంకో పక్క నల్లగా చేస్తుంది, అంతే. అది కళ్లజోడు అంచో, ఆ చదరం అంచో దానికి తేడా తెలియదు. అందుకే నేను కాస్త పెంచగానే కళ్లజోడు చుట్టూ తెల్లటి గీత వచ్చింది, చెంప మీద గళ్లు తేలాయి. ఆయన ముఖం అలా చూడటం నాకే కష్టంగా అనిపించింది. ఎక్కువ బిట్‌రేట్‌తో ఎక్స్‌పోర్ట్ చేసినా ఫైలు బరువు పెరుగుతుందే తప్ప బొమ్మ మారదు.

ఒక్క ఆశ ఉంది. ఈ వీడియో మీకు మెసేజింగ్ యాప్‌లో వచ్చిందన్నారు. అలా పంపినప్పుడు వీడియో మళ్లీ కంప్రెస్ అయి ఉండొచ్చు. రికార్డ్ చేసిన ఫోన్లో ఒరిజినల్ ఇంకా ఉందేమో దయచేసి వెంటనే అడగండి. ఉంటే సైజు నాలుగైదు జీబీలు ఉండొచ్చు. యాప్‌లో కాకుండా డ్రైవ్‌లో పెట్టమనండి, లేదా పెన్‌డ్రైవ్‌లో తెప్పించండి. అది దొరికే వరకు ఫోన్లో ఏదీ డిలీట్ చేయొద్దని చెప్పండి.

దొరకకపోతే ఇలా చేద్దాం: గళ్లు కొంచెం మెత్తబరిచి, రంగులు సరిచేసి, ఆయన బొమ్మని ఫ్రేములో సగానికి తగ్గించి పెడతాను. చిన్నగా చూపితే మసక అంతగా తెలియదు. పక్కన ఆయన పాత ఫోటోలు, చేతిరాత ఉత్తరాలు పెట్టొచ్చు, స్కాన్ చేసి పంపండి. మాట మాత్రం శుభ్రంగా రికార్డయింది, ప్రతి పదం వినిపిస్తోంది.

శుక్రవారం లోపు ఒరిజినల్ సంగతి చెప్పండి. షార్ప్ చేసిన ముక్క, చేయని ముక్క పక్కపక్కన పెట్టి 20 సెకన్ల శాంపిల్ అటాచ్ చేశాను. ఫోన్లో కాకుండా పెద్ద స్క్రీన్ మీద చూడండి. షార్పెనింగ్‌కి వేరే చార్జీ వేయడం లేదు.

ఉంటానండీ,
కిరణ్