శుక్లం ఆపరేషన్: డాక్టర్ గారి మాటలు, తాతయ్య కోసం చిన్నగా

తాతయ్యా,

కంటి డాక్టర్ గారు గంటసేపు మాట్లాడినదంతా టైపు చేసి, దాని సారాంశం కూడా పంపారు కదా. ఆ సారాంశమే ఐదు పేజీలుంది! మీకు పనికొచ్చేవి ఏరి పెద్ద అక్షరాల్లో ఇక్కడ రాశాను. అంతా ఒకేసారి చదవక్కర్లేదు. కళ్ళు అలసిపోతే పక్కన పెట్టేసి రేపు చదవండి.

ముందు అసలు సంగతి. శుక్లాన్ని కరిగించే మందు లేదు. చుక్కల మందులతో పోదు. ఆపరేషన్ ఒక్కటే దారి. అలాగని రేపే చేయించుకోవాలని కాదు. రోజువారీ పనులకు చూపు అడ్డొస్తుంటే చేయించుకోవాలి.

"ముదరనీ, అప్పుడు చూద్దాం" అని మీరంటున్నారు చూడండి, అది పాత కాలం మాట. బాగా ముదిరితే శుక్లం గట్టిపడుతుంది. అప్పుడు తీయడం ఇంకా కష్టం. డాక్టర్ గారు ఈ మాట రెండుసార్లు చెప్పారు. నేనూ మీకు రెండుసార్లు చెప్పాననుకోండి.

శుక్లం అంటే బయట పెరిగే పొర కాదు. కంటి లోపల, నల్లగుడ్డు వెనక, ఒక చిన్న లెన్స్ ఉంటుంది. చిన్నప్పుడు అది తేటగా ఉంటుంది. వయసు మీద పడ్డాక మంచు పట్టిన కిటికీ అద్దంలా మసకబారుతుంది. అంతే.

ఆపరేషన్‌లో ఆ పాత లెన్స్ తీసి కొత్తది పెడతారు. చుక్కల మందు వేసి కన్ను మొద్దుబారేలా చేస్తారు. కొందరికి సూది కూడా వేస్తారు. మెలకువగానే ఉంటారు, నొప్పి పెద్దగా తెలియదు. వెలుతురు కనిపిస్తుంది కానీ పరికరాలు స్పష్టంగా కనిపించవు. గాటు రెండు మూడు మిల్లీమీటర్లే. మామూలుగా కుట్లు అక్కర్లేదు. అరగంటలోపే అయిపోతుంది. చాలామంది అదే రోజు ఇంటికి వెళ్ళిపోతారు.

ఇక్కడ డాక్టర్ గారు రెండు కథలు చెప్పారు. మీకు నచ్చుతాయని వదల్లేదు. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాల అద్దం ముక్కలు కొందరు పైలట్ల కళ్ళలో గుచ్చుకున్నాయి. అది ప్లాస్టిక్ అద్దం. కన్ను దాన్ని ఏమీ చేయకుండా ఊరుకుంది. అది గమనించిన హెరాల్డ్ రిడ్లీ అనే లండన్ డాక్టర్ 1949లో అలాంటి ప్లాస్టిక్‌తోనే లెన్స్ చేసి ఒక రోగి కంట్లో పెట్టారు. తర్వాత అమెరికాలో చార్లెస్ కెల్మన్ అనే డాక్టర్ పళ్ళ డాక్టర్ దగ్గర కూర్చున్నప్పుడు, పళ్ళు శుభ్రం చేసే శబ్ద తరంగాల పరికరాన్ని చూశారు. దాంతో శుక్లాన్ని ముక్కలు చేసి పీల్చేయవచ్చని ఆయనకు తోచింది. ఇప్పుడు మీకు చేసేదీ ఆ పద్ధతే.

ఇది మాత్రం జాగ్రత్తగా చదవండి. మీరు వేసుకునే మాత్రలన్నీ ముందే డాక్టర్‌కి చూపించాలి. ముఖ్యంగా ప్రోస్టేట్‌కి, మూత్రం సాఫీగా రావడానికి వేసుకునే మాత్ర. ఆ రకం మందు వాడితే ఆపరేషన్ సమయంలో కనుపాప వదులుగా అయిపోవచ్చు. ముందే తెలిస్తే డాక్టర్ తగ్గట్టు ఏర్పాటు చేసుకుంటారు. రక్తం పలచబడే మాత్రలు కూడా చెప్పాలి. దేన్నీ మీ అంతట మీరు ఆపకండి.

ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలు చుక్కల మందు వేసుకోవాలి. కన్ను నలపకూడదు. కంట్లో నీళ్ళు పడనివ్వకూడదు. బరువులు ఎత్తకూడదు. కొద్దిగా దురద, మసక ఉంటే కంగారొద్దు. కానీ నొప్పి పెరిగినా, కన్ను బాగా ఎర్రబడినా, చూపు తగ్గినా, మెరుపులు లేదా నల్ల మచ్చలు కనిపించినా అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. అర్ధరాత్రయినా సరే నాకు ఫోన్ చేయండి. "పిల్లని ఎందుకు లేపడం" అనుకోవద్దు.

తీసిన శుక్లం మళ్ళీ రాదు. కొందరికి కొన్నాళ్ళకు లెన్స్ వెనక పొర మసకబారుతుంది. లేజర్‌తో కొద్ది నిమిషాల్లో సరిచేస్తారు.

చివరిగా, మీరే తేల్చుకోవాల్సింది ఒకటుంది. దూరం చూపు లెన్స్ పెడితే టీవీ బాగా కనిపిస్తుంది, పేపరుకి కళ్ళద్దాలు కావాలి. దగ్గరి చూపు లెన్స్ పెడితే పేపరు బాగా కనిపిస్తుంది, టీవీకి కళ్ళద్దాలు కావాలి. రెండూ కనిపించే లెన్సులు కూడా ఉన్నాయి, కానీ రాత్రి దీపాల చుట్టూ వలయాలు కనిపించవచ్చు. మీరు టీవీ కంటే పేపరుతోనే ఎక్కువ గడుపుతారు. నాకైతే దగ్గరి చూపు గురించి అడిగి చూడాలనిపిస్తోంది. ఆదివారం నేను వచ్చేలోపు ఆలోచించండి. మీ మాత్రల పట్టీలు కూడా ఒక సంచిలో వేసి ఉంచండి, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్దాం.

మీ మనవరాలు