బుజ్జిగాడు ఊరొచ్చేలోపు ఒక మాట

హైదరాబాదు,
ఏప్రిల్ 22

నాన్నగారికి, అమ్మకి నమస్కారాలు.

మేం ముగ్గురం బాగానే ఉన్నాం. రోజూ ఫోన్లో మాట్లాడుకుంటూ మళ్లీ ఈ ఉత్తరం ఏమిటా అనుకుంటారు. ఫోన్లో ఈ సంగతి మొదలెడితే అమ్మ సగంలోనే "సర్లే నాయనా, మాకు పిల్లల్ని పెంచడం రాదుగా" అని ఫోను మీ చేతికిచ్చేస్తుంది. మీరేమో "భోజనం అయిందా, అక్కడ ఎండలెలా ఉన్నాయి" అంటారు. సంక్రాంతి తర్వాత మూడుసార్లు ఇలాగే జరిగింది. కాగితం అయితే మధ్యలో పెట్టెయ్యలేరు కదా అని రాస్తున్నాను.

ముందే చెప్తున్నా, ఇది మీ కోడలు రాయించింది కాదు. తను పడుకున్నాక కూర్చుని రాస్తున్నాను. "అత్తయ్యగారు నొచ్చుకుంటారు, ఇప్పుడు ఎందుకండీ" అని వద్దన్నది కూడా తనే. మే నెలలో బుజ్జిగాడు మూడు వారాలు మీ దగ్గర ఉంటాడన్న ధైర్యంతోనే కొత్త ఉద్యోగానికి ఒప్పుకుంది. డే కేర్ గురించి ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

మార్చిలో వాడి పంటి సంగతి మీకు సరిగ్గా చెప్పలేదు. "చిన్న పుప్పి, ఫిల్లింగ్ పెట్టారు" అన్నాను. నిజానికి కింది దవడలో రెండు పళ్లు పుచ్చాయి. ఒకదానికి ఫిల్లింగ్, రెండోదానికి లోపల నరం దాకా వెళ్లి శుభ్రం చేసి పైన క్యాప్ వేశారు. నాలుగేళ్లవాడు ఆ కుర్చీలో "తాతయ్యా" అని ఏడుస్తుంటే చేతులు పట్టుకుని కూర్చున్నాను. మీకు చెబితే అమ్మ రెండు రోజులు అన్నం మానేస్తుందని దాచాను.

ఆ పుప్పి సంక్రాంతి పది రోజుల్లో వచ్చింది కాదు. వాడికి రెండున్నరేళ్లొచ్చేదాకా రాత్రిపూట పంచదార పాలు సీసాలో పోసి నోట్లో పెట్టి పడుకోబెట్టింది మేమే. అందులో మీ తప్పు లేదు. కానీ డాక్టరుగారు చెప్పిన ఒక విషయం నాకూ అప్పటిదాకా తెలీదు. నోట్లో ఉండే సూక్ష్మజీవులు తీపిని తిని ఆమ్లం తయారుచేస్తాయట. తీపి నోట్లో పడ్డ ప్రతిసారీ ఓ అరగంట పాటు పంటిమీద దాడి జరుగుతుంది, తర్వాత లాలాజలం మెల్లిగా సర్దుకుంటుంది. కాబట్టి ఎంత తిన్నాడన్న దానికంటే ఎన్నిసార్లు తిన్నాడన్నదే ఎక్కువ ముఖ్యం. భోజనమయ్యాక ఒక పూతరేకు మొత్తం తినేసినా ఫరవాలేదు గానీ, పొద్దున్న ఒక బిస్కెట్టు, పదింటికి జీడి, పదకొండింటికి జెల్లీ, మధ్యాహ్నం కాజా ముక్క అని రోజంతా కొరుకుతూ ఉంటే పంటికి ఊపిరి సలపదు. "పాలపళ్లే కదా, ఊడిపోయేవే" అని అమ్మ అంటుంది. వెనక పళ్లు పదీ పన్నెండేళ్ల దాకా ఊడవు. అవి ముందే పోతే కింద వచ్చే పళ్లకి చోటు తప్పి వంకరగా వస్తాయి. బెల్లమైతే మంచిదే అని కూడా అంటుంది. పంటికి బెల్లం, పంచదార, తేనె అన్నీ ఒకటే.

నాన్నగారూ, మీరు లెక్కల మాస్టారు, మీకో లెక్క. వాడి వయసు పిల్లలకి రోజుకి సుమారు 1300 కేలరీలు కావాలి. విడిగా కలిపిన తీపి అందులో పదో వంతు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. అంటే 130 కేలరీలు. పంచదార గ్రాముకి నాలుగు కేలరీలు, చెంచాకి నాలుగు గ్రాములు. ఎనిమిది చెంచాలొచ్చింది కదా. అందులో సగమైతే ఇంకా మంచిదట. మన ఇంట్లో వాడి పాలగ్లాసులోనే రెండు చెంచాలు, రోజుకి రెండు గ్లాసులు. ఇంకా పూతరేకు దాకా రానే లేదు.

సరే, పళ్ల కంటే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టిన విషయం ఇంకోటుంది. ఇది రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను.

సంక్రాంతికి మేం వాణ్ణి మీ దగ్గర వదిలి వచ్చిన మర్నాడు వీడియో కాల్ చేస్తే, నేనింకా ఏమీ అడగకుండానే బుజ్జిగాడు "నాన్నా, మామ్మ నాకు చాక్లెట్ ఇవ్వలేదు" అన్నాడు. మీ కోడలూ నేనూ నవ్వుకున్నాం. ఇక్కడికొచ్చాక వారానికి వాడి తలగడ కింద మూడు చాక్లెట్ కాగితాలు దొరికాయి. ఎక్కడివిరా అంటే "నావి కాదు" అన్నాడు. నేను తిట్టలేదు. "మామ్మ అమ్మకి చెప్పద్దంది" అన్నాడు. అమ్మా, నువ్వు ముద్దుకొద్దీ అన్నావని నాకు తెలుసు. చిన్నప్పుడు నాకూ నాన్నగారికి తెలీకుండా పమిట చెంగున ముడేసి జీళ్లు తెచ్చేదానివి, అవి ఇప్పటికీ నాలిక మీదున్నాయి. కానీ వాడికి తీపిదీ అబద్ధానిదీ తేడా తెలీదు. అమ్మకి చెప్పకూడని పనులు కొన్ని ఉంటాయని వాడి బుర్రలో పడితే, రేపు ఎవరేం చేసినా మాకు చెప్పడు. పెట్టదలచుకుంటే అందరి ముందూ పెట్టు. నాకు ఫోన్ చేసి "ఇవాళ వాడు ఏడిస్తే పెట్టేశానురా" అను. నేనేమీ అనను. "చెప్పకు" అన్న మాట ఒక్కటి మాత్రం వద్దు. ఈ ఉత్తరంలో ఒకే ఒక్క విషయం ఒప్పుకోవాలంటే ఇది ఒప్పుకో.

ఇక ఫోను. అన్నం తినేటప్పుడు ఫోను చూపించడం వాడికి అలవాటు చేసింది నేనే. ఆఫీసు హడావిడిలో పావుగంటలో తినిపించేద్దామని మొదలెట్టాను. ఆర్నెల్లకి, స్క్రీను లేకపోతే నోరు తెరవడం మానేశాడు. కడుపు నిండిందో లేదో కూడా చూసుకోకుండా మింగేస్తాడు. ఇక్కడ మాన్పించడానికి పదకొండు రోజులు పట్టింది, మొదటి నాలుగు రోజులూ మా పైఫ్లోరు వాళ్లు కూడా అడిగారు, ఏమిటండీ ఏడుపు అని. సంక్రాంతి నించి వచ్చాక మళ్లీ మొదటికొచ్చింది. అందుకే ఇప్పుడు భయం.

అమ్మా, నీ మోకాళ్ల నొప్పి నాకు తెలుసు. వాడు వీధి గుమ్మం దాటితే నువ్వు పరిగెత్తలేవు, చేతికి ఫోనిస్తే ఒకచోట కూర్చుంటాడు. నీ స్థానంలో నేనున్నా అదే చేసేవాణ్ణి. అందుకని పొద్దున్న పదింటి నించి ఒంటిగంట దాకా చూసుకోడానికి ఎదురింటి పిన్ని మనవరాలిని అడిగాను. ఇంటర్ పరీక్షలయ్యాయి, ఖాళీగా ఉన్నానంది. నెలకి ఎంతివ్వాలో నేను మాట్లాడుకుంటాను, నువ్వు మొహమాటపడి వద్దనకు. ఆ పిల్లకి చెప్పాల్సింది ఒక్కటే, వాణ్ణి కాలవగట్టు వైపు ఒంటరిగా వదలద్దని. వేసవికి కాలవ కట్టేసినా గుంటల్లో నీళ్లుంటాయి.

రెండేళ్ల నించి ఐదేళ్ల లోపు పిల్లలకి స్క్రీను రోజుకి గంట దాటకూడదని మన దేశంలో పిల్లల డాక్టర్ల సంఘమే చెప్పింది. మేం ఇక్కడ అరగంట ఇస్తున్నాం, సాయంత్రం ఐదున్నరకి, ఫోన్లో కాదు టీవీలో, పక్కన ఒకళ్లం కూర్చుని. అక్కడా అలాగే ఉంచండి. ఆపే ముందు "ఇది అయ్యాక ఆపేస్తాం" అని ఒకసారి చెబితే చాలు, గొడవ సగం తగ్గుతుంది. అన్నం దగ్గర, మంచం మీద మాత్రం వద్దు. మాతో వీడియో కాల్ ఆ లెక్కలోకి రాదు, ఎంతసేపైనా చేసుకోండి.

నాన్నగారూ, ఐపీఎల్ సంగతి కూడా తేల్చుకుందాం. మీ ఒళ్లో కూర్చుని మ్యాచ్ చూడటం వాడికి పండగ. ఆదివారం మధ్యాహ్నం మ్యాచ్ ఉంటే గంటైనా రెండు గంటలైనా చూడనివ్వండి, అది మినహాయింపు. మిగతా రోజుల్లో ఏడున్నర మ్యాచ్ అంటే వాడి నిద్ర పోతుంది. ఇంకోటి చెప్పడానికి నాకే కొంచెం జంకుగా ఉంది. వాడు పక్కనుండగా మీరు ఫోన్లో ఆ వార్తల చర్చలు పెట్టుకుంటే వాణ్ణి వద్దనడం కష్టం. వాడు పడుకున్నాక చూసుకోండి. ఆ అరుపులు మీ బీపీకి కూడా మంచివి కావు.

తీపి బుధవారం, ఆదివారం, మధ్యాహ్నం భోజనమవగానే. ఆ రోజు వాడికి ఏది ఇష్టమైతే అది, పూతరేకైనా తాపేశ్వరం కాజా అయినా. తర్వాత నోరు పుక్కిలించాలి, రాత్రి పడుకునే ముందు బ్రష్ మీరే పట్టుకుని తోమాలి. పాలల్లో పంచదార తగ్గిస్తూ రండి, ఒక్కసారి మానిస్తే తాగడు. బడ్డీకొట్టు జెల్లీలు మాత్రం పూర్తిగా ఆపేయండి, అవి పంటికి అంటుకుంటే ఊడిరావు. తాతయ్య సైకిలు ముందు కడ్డీ మీద కూర్చుని కొట్టుదాకా వెళ్లడమే వాడికి సరదా, జెల్లీ కాదు. వచ్చేప్పుడు నాలుగు తాటిముంజలు తెచ్చుకోండి. ముంజలు, మామిడిపళ్లు, కొబ్బరినీళ్లు, పనసతొనలు, వీటికి లెక్క లేదు. రసం తీసి పంచదార కలపడం వద్దు, రసాలు వాడి చేతికిచ్చి చొక్కా విప్పేసి పెరట్లో కూర్చోబెట్టండి.

మిగతావన్నీ మీ ఇష్టం. నూనె పెట్టి నలుగు పెట్టండి, మట్టిలో ఆడనివ్వండి, ఎండలో తిరిగి నల్లబడ్డా అడగం. పోయినసారి వచ్చాక బళ్లో టీచరుకి ప్రతిదానికీ "ఆయ్" అని జవాబు చెప్పాడు, ఆవిడ నవ్వి నవ్వి మాకు చెప్పింది. ఈసారి ఇంకాస్త నేర్పి పంపండి, ఇక్కడ వాడికి ఆ మాట వినబడదు.

ఒక విషయం గుర్తొచ్చి నవ్వొస్తోంది. నా చిన్నప్పుడు సంత రోజున ఒక జీడి, దానికి కూడా ఎక్కం అప్పజెప్పాలి. ఆ నాన్నగారు ఎక్కడికెళ్లారో తెలీదు గానీ, వాడి తాతయ్య మాత్రం అడక్కుండానే జేబులోంచి తీస్తారు. ఈ మూడు వారాలూ ఆ పాత మాస్టారిని కాస్త పిలిపించండి.

రెండో తారీఖు రాత్రి గౌతమి రైలుకి బయల్దేరుతున్నాం. రాజమండ్రిలో దిగి ధవళేశ్వరం ఆనకట్ట మీదుగా వచ్చేస్తాం, మీరు స్టేషనుకి రావద్దు. ఈ ఉత్తరంలో ఏది కుదరదనిపిస్తే అక్కడ మీ ఎర్రపెన్నుతో గీత కొట్టి, పక్కన మీ మాట రాసి ఉంచండి. అమ్మ చెప్పేది కూడా రాయండి. పొద్దున్న కాఫీ తాగుతూ కూర్చుని మాట్లాడుకుందాం.

ఇట్లు
మీ పెద్దాడు

తా.క. అమ్మా, ఆ మూడు వారాల పూతరేకుల వాటా వాడికి పెట్టనివి వృథా చెయ్యకు. నేను తిరుగు ప్రయాణంలో తెచ్చుకుంటాను.